బల్క్ డీల్ జాబితాలో పేరు: అది ఏం చెబుతుంది, ఏం చెప్పదు

తెనాలిలో ఉండే మా మేనమామ రిటైరయ్యాక షేర్ల మీద ఆసక్తి పెంచుకున్నాడు. ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేశాడు. "ఒరేయ్, పెద్దవాళ్లు దిగార్రా. ఇవాళ ఒక్కరోజే రెండు లక్షల ముప్ఫై వేల షేర్లు కొన్నారు. మూడు కోట్ల నలభై లక్షలు! రేపు పొద్దున్నే మనమూ ఓ రెండొందలు తీసుకుందామా?" అని అడిగాడు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫొటో చూసి ఆయన అంత ఉత్సాహపడ్డాడు. ఆ ఫొటోలో కంపెనీ పేరు, కొన్న సంస్థ పేరు, సంఖ్య, ధర ఉన్నాయి. అన్నీ నిజమే. ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో ఉన్న వరుసనే తీసి పంపారు. కాకపోతే ఒక్క వరుసే తీశారు.

"మామయ్యా, దాని కింద వరుస చూశావా?" అన్నాను. చూడలేదు. ఇద్దరం ఫోన్ పెట్టకుండానే ఎన్‌ఎస్‌ఈ సైటు తెరిచి, ఆ రోజు జాబితా తీశాం. కంపెనీ పేరు పక్కన పెడతాను, అంకెలు ఇవి:

కొనుగోలు: 2,31,400 షేర్లు, సగటు ధర రూ. 148.20
అమ్మకం: 2,31,400 షేర్లు, సగటు ధర రూ. 148.35

రెండు వరుసల్లోనూ ఒకే సంస్థ పేరు ఉంది. ఉదయం నుంచి కొన్నవన్నీ సాయంత్రానికి అమ్మేసింది. షేరుకు 15 పైసల తేడా, మొత్తం మీద రూ. 34,710. అందులోంచి పన్నులు, ఛార్జీలు పోవాలి. మార్కెట్ మూసే వేళకు ఆ సంస్థ దగ్గర ఆ రోజు కొన్న షేరు ఒక్కటీ మిగల్లేదు. "పెద్దవాళ్లు దిగారు" అన్న మాటకు ఆధారమే లేదు. దిగినవాళ్లు అదే రోజు ఎక్కేశారు.

మామయ్యది తెలివితక్కువతనం కాదు. ఆ జాబితాను ఎలా చదవాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. బల్క్ డీల్, బ్లాక్ డీల్ వివరాలు రోజూ సాయంత్రం ఉచితంగా, అందరికీ ఒకేసారి అందుతాయి. అది మంచి ఏర్పాటు. అయితే అక్కడి వరుస ఒక ఖాతా ఒక రోజు చేసిన పని మాత్రమే చెబుతుంది. ఆ పని వెనక ఉద్దేశం, ఆ షేర్లు చేతిలో ఉంటాయా పోతాయా, డబ్బు అసలు ఎవరిది అన్నవి అందులో ఉండవు. ఈ తేడా మనసులో ఉంచుకుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి.

అర శాతం గీత

బల్క్ డీల్ నిబంధనను సెబీ 2004 జనవరిలో తెచ్చింది. ఒక కంపెనీకి లిస్టయిన ఈక్విటీ షేర్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో అర శాతానికి మించి ఒక క్లయింటు ఒకే రోజు కొన్నా, అమ్మినా ఆ వివరం బయటపెట్టాలి. ఒక్క దెబ్బలో కొన్నా, పొద్దుటినుంచి వంద చిన్న ఆర్డర్లుగా కొన్నా మొత్తం కలిపి లెక్కిస్తారు. అందుకే జాబితాలో కనిపించే ధర చాలాసార్లు ఒక్క లావాదేవీ ధర కాదు, రోజంతా కొన్నవాటి సగటు. ఎక్స్ఛేంజీ ఆ రోజే, మార్కెట్ ముగిశాక వివరాలు ప్రచురిస్తుంది. తేదీ, కంపెనీ, `Client Name`, `Buy/Sell`, షేర్ల సంఖ్య, ధర. ఇంతకు మించి పెద్దగా ఏమీ ఉండదు.

అర శాతం అన్నది కంపెనీని బట్టి చాలా మారిపోతుంది. మామయ్య చూసిన కంపెనీకి మొత్తం నాలుగు కోట్ల షేర్లు ఉన్నాయి. అందులో అర శాతం అంటే రెండు లక్షలు. షేరు రూ. 150 లోపే కాబట్టి మూడు కోట్ల రూపాయల వ్యాపారం చేస్తే చాలు, పేరు జాబితాకెక్కుతుంది. ఐటీసీని తీసుకోండి. దానికి దాదాపు 1,248 కోట్ల షేర్లు. అర శాతం అంటే ఆరు కోట్ల పైచిలుకు షేర్లు. షేరు రూ. 400 అనుకుంటే సుమారు రూ. 2,500 కోట్లు. అంటే ఒక పెద్ద ఫండ్ ఒకే రోజు రెండు వేల కోట్ల రూపాయల ఐటీసీ షేర్లు మార్కెట్లో కొన్నా బల్క్ డీల్ జాబితాలో కనపడదు. చిన్న కంపెనీలో మూడు కోట్లతో తిరిగిన సంస్థ మాత్రం కనిపిస్తుంది.

అందుకే రోజువారీ జాబితాలో చిన్న కంపెనీలే ఎక్కువగా కనిపిస్తాయి. పెద్ద డబ్బంతా అటే పోతోందని అర్థం కాదు. అక్కడ గీత కింద ఉంది కాబట్టి ఎక్కువమంది దాటుతున్నారు. జాబితాలో పేరుందని "పెద్ద" అనుకునే ముందు, ఎన్ని కోట్ల రూపాయలు, కంపెనీలో ఎంత శాతం అని రెండు లెక్కలు వేసుకోవాలి.

రెండు వైపులా ఉండే పేర్లు

మామయ్య చూసినటువంటి జంట వరుసలు అరుదు కావు. ఏ కంపెనీ షేరులోనైనా ఒక్కసారిగా వ్యాపారం పెరిగితే, సొంత డబ్బుతో కంప్యూటర్ ప్రోగ్రాముల ద్వారా క్షణాల్లో కొని అమ్మే ట్రేడింగ్ సంస్థలు అక్కడికి చేరతాయి. వాళ్ల లాభం పైసల్లో, వ్యాపారం లక్షల షేర్లలో ఉంటుంది. అలాంటి సంస్థలకు కంపెనీ వ్యాపారం బాగుందా, అప్పులెన్ని అన్నవాటితో పనే లేదు. ఈ జాబితాను కొన్ని నెలలు వరుసగా చూసినవాళ్లకు ఇవే పేర్లు ఇవాళ ఒక షుగర్ కంపెనీ పక్కన, రేపు ఒక కేబుల్ కంపెనీ పక్కన, రెండు వైపులా కనిపిస్తూ ఉంటాయి. అలా పదేపదే రెండు వైపులా వచ్చే పేరును ఒకసారి గుర్తుపడితే, ఆ తర్వాత దాని వరుసను కొనుగోలుగా లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

అయితే ఇక్కడో చిక్కు ఉంది. రెండు వరుసలూ ఎప్పుడూ కనపడవు. గీత కొనుగోలుకు వేరు, అమ్మకానికి వేరు. మన కంపెనీలోనే ఆ సంస్థ ఆ రోజు 2,02,000 షేర్లు కొని 1,98,000 అమ్మిందనుకోండి. కొనుగోలు రెండు లక్షలు దాటింది, అమ్మకం దాటలేదు. కొనుగోలు ఒక్కటే జాబితాలో కనిపించవచ్చు. నిజానికి మిగిలింది నాలుగు వేల షేర్లే. అలాగే ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ వేర్వేరుగా ప్రచురిస్తాయి. ఒక చోట కొని మరో చోట అమ్మితే, ఒక్క సైటే చూసినవాళ్లకు సగం కథే తెలుస్తుంది. కాబట్టి ఒకే వరుస కనిపించినప్పుడు "అమ్మకం లేదు" అనుకోకుండా "అమ్మకం గీత దాటలేదు" అనుకోవాలి.

బ్లాక్ డీల్ వేరు

బ్లాక్ డీల్‌కు విడిగా ఒక కిటికీ ఉంది. ఉదయం మామూలు మార్కెట్ మొదలవకముందు 8.45 నుంచి 9 గంటల దాకా, మధ్యాహ్నం 2.05 నుంచి 2.20 దాకా. పెద్ద మొత్తంలో అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ముందే మాట్లాడుకుని ఆ సమయంలో ఒకరికొకరు సరిపోయే ఆర్డర్లు పెడతారు. డెలివరీ తప్పనిసరి. అదే రోజు తిరిగి అమ్మేసి సరిపెట్టుకోవడం కుదరదు. ధర ఎంతంటే అంత పెట్టుకోవడానికీ వీల్లేదు. ఉదయమైతే ముందురోజు ముగింపు ధరకు దగ్గరగా ఉండాలి. 2018 నుంచి ఆ హద్దు అటూ ఇటూ ఒక శాతం, కనీస ఆర్డర్ రూ. 10 కోట్లు. 2025 అక్టోబరులో సెబీ సర్క్యులర్ ఇచ్చి హద్దును మూడు శాతానికి, కనీస ఆర్డరును రూ. 25 కోట్లకు మార్చింది. పాత వార్తలు చదివేటప్పుడు ఏ నిబంధన కాలంలో జరిగిందో చూసుకోవాలి.

ఈ కిటికీ ఎందుకు పెట్టారంటే, కోట్ల షేర్లను మామూలు మార్కెట్లోకి ఒక్కసారి వదిలితే ధర కుప్పకూలుతుంది. మార్కెట్లో ఇతరులకు అనవసరంగా దెబ్బ తగలకుండా పక్కన జరుపుకోమని ఇచ్చిన వెసులుబాటు ఇది. దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతాయి. ఒకటి, ఆ రోజు కనిపించే పెద్ద వ్యాపారం కొత్తగా పుట్టిన గిరాకీ కాదు, ముందే కుదిరిన బేరం. రెండు, ధర కొంచెం తగ్గితే అది టోకు ధర. బస్తాల లెక్కన కొనేవాడికి కిలో ధరలో నాలుగు పైసలు తగ్గించినట్టు. అంతమాత్రాన అమ్మినవాడికి కంపెనీ మీద నమ్మకం పోయిందనుకోకూడదు.

ఐటీసీలో జరిగినది

2024 మార్చిలో జరిగిన ఒక అమ్మకాన్ని దగ్గరగా చూద్దాం. గుంటూరు, చీరాల పొగాకు రైతులకు తరాలుగా తెలిసిన ఐటీసీ కంపెనీలో, బ్రిటిష్ అమెరికన్ టొబాకో (బీఏటీ)కి అప్పటికి దాదాపు 29 శాతం వాటా ఉంది. మార్చి 13న అందులోంచి 3.5 శాతం అమ్మేసింది. 43,68,51,457 షేర్లు, ఒక్కొక్కటి రూ. 400.25 చొప్పున, దాదాపు రూ. 17,485 కోట్లు. ధర ముందురోజు ముగింపు కంటే సుమారు ఒక శాతం తక్కువ.

ఇందులో మొదట గమనించాల్సింది పేరు. అమ్మినది బీఏటీ పేరుతో కాదు. దాని అనుబంధ సంస్థ టొబాకో మ్యానుఫ్యాక్చరర్స్ (ఇండియా) లిమిటెడ్ పేరుతో. కంపెనీ వాటాదారుల జాబితా ఎప్పుడూ తెరిచి చూడనివాళ్లకు ఆ పేరు కొత్తది. "ఎవరో తెలియని సంస్థ ఇంత అమ్మింది" అనిపిస్తుంది. తెలిసినవాళ్లకేమో పేరు చూడగానే అమ్మిన చెయ్యి ఎవరిదో అర్థమవుతుంది.

రెండోది కారణం. అతిపెద్ద వాటాదారు అమ్మేశాడు కాబట్టి ఐటీసీకి ఏదో ముప్పు తెలిసి ఉంటుందని ఊహించడం తేలిక. బీఏటీ చెప్పిన కారణం వేరు. కొంత వాటా అమ్మే ఆలోచన ఉందని ఫిబ్రవరిలోనే బహిరంగంగా ప్రకటించింది. ఆ డబ్బుతో 160 కోట్ల పౌండ్ల మేరకు తన సొంత షేర్లను లండన్‌లో తిరిగి కొనుక్కుంటానని చెప్పింది. అంటే అమ్మకం వెనక ఉన్న అవసరం బీఏటీ సొంత లెక్కలది. పైగా అమ్మాక కూడా 25 శాతం పైన వాటా ఉంచుకుంది. కంపెనీ నిర్ణయాల్లో మాట చెల్లుబాటు కావడానికి ఆ గీత ముఖ్యమని తానే చెప్పింది. మొత్తం వాటాలో ఎనిమిదో వంతు అమ్మి ఏడు వంతులు ఉంచుకున్నవాణ్ణి "వదిలేసి వెళ్లిపోయాడు" అనలేం.

మూడోది ధర. అంత పెద్ద అమ్మకం జరిగిన రోజు షేరు పడాలనే మామూలు ఊహ. కానీ ఆ రోజు నాలుగు శాతం పైగా పెరిగి ముగిసింది. ఈ అమ్మకం ఎప్పుడో వస్తుందని అందరూ వారాలుగా ఎదురుచూస్తున్నారు, ఆ భయం ధరలో ముందే ఉంది. అమ్మకం అయిపోయాక ఆ బరువు దిగిపోయింది. ఇలా ప్రతిసారీ జరుగుతుందని నేను అనడం లేదు. పెద్ద అమ్మకం వరుస చూసి రేపటి ధర చెప్పబోతే తప్పడం ఎంత సులభమో చూపడానికే ఈ ఉదాహరణ.

ఎదుటివైపు కనపడకపోతే

ప్రతి అమ్మకానికీ కొన్నవాడు ఉంటాడు. బల్క్ డీల్ జాబితాలో అమ్మకం వరుస ఒక్కటే కనిపిస్తే చదివేవాడి మనసులో "అమ్మేశారు" అన్న మాటే మిగిలిపోతుంది. మన నాలుగు కోట్ల షేర్ల కంపెనీలో ఒక ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ పన్నెండు లక్షల షేర్లు అమ్మిందనుకోండి. వాటిని ఎనిమిది మ్యూచువల్ ఫండ్ పథకాలు తలా లక్షన్నర చొప్పున కొన్నాయి. ఒక్కటీ రెండు లక్షల గీత దాటలేదు. జాబితాలో ఒక అమ్మకం ఉంటుంది, కొనుగోలు ఒక్కటీ ఉండదు. నిజానికి అక్కడ జరిగినది ఒక చేతిలోని షేర్లు ఎనిమిది చేతుల్లోకి మారడం.

ఆ ఫండ్ అమ్మడానికీ కంపెనీ బాగోగులకూ సంబంధం ఉండాలని లేదు. ప్రైవేట్ ఈక్విటీ ఫండ్‌కు కాలపరిమితి ఉంటుంది, గడువులోగా తన మదుపరులకు డబ్బు తిరిగివ్వాలి. కొత్తగా ఐపీవోకు వచ్చిన కంపెనీల్లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. యాంకర్ ఇన్వెస్టర్లకు సగం షేర్లపై 30 రోజులు, మిగతా సగంపై 90 రోజులు లాక్-ఇన్. ఐపీవోకు ముందు నుంచి ఉన్న ఇతర వాటాదారులకు మామూలుగా ఆరు నెలలు. ఆ గడువు తీరిన మర్నాడు పెద్ద అమ్మకాలు రావడం పంట కోతకొచ్చినప్పుడు యార్డుకు బస్తాలు రావడంలాంటిదే. అమ్మకం వరుస కనిపించగానే లాక్-ఇన్ తీరిన తేదీ ఒకసారి చూసుకోవాలి.

పేరు వెనక ఎవరు

మిర్చి యార్డులో సరుకు ఒక వ్యాపారి పేరు మీద తూకం వేస్తారు. ఆయన దాన్ని ఎవరి కోసం కొంటున్నాడో కాటా చీటీలో ఉండదు. ఇక్కడా అంతే. విదేశీ బ్యాంకుల పేర్ల చివర కొన్నిసార్లు `ODI` అని కనిపిస్తుంది. పార్టిసిపేటరీ నోట్ల వంటివి జారీ చేసే ఖాతా అన్నమాట. షేరు ఆ బ్యాంకు పేరున ఉంటుంది, లాభనష్టాలు ఆ నోటు కొన్న వేరే మదుపరికి పోతాయి. దాన్ని చూసి "ఫలానా బ్యాంకు ఈ కంపెనీని నమ్మింది" అనడం తప్పు.

వ్యక్తుల పేర్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పేరుపొందిన మదుపరి పేరే ఇంకెవరికైనా ఉండొచ్చు. జాబితాలో ఇంటిపేరు, పేరు తప్ప గుర్తించడానికి మరో ఆనవాలు ఉండదు. ఇంకో సంగతి, ప్రమోటర్ల కుటుంబాల్లో ఒకరు అమ్మితే ఇంకొకరు కొంటారు. కుటుంబ ట్రస్టులోకి మార్చుకుంటారు. అమ్మకం వరుస మాత్రమే పంచితే "ప్రమోటరే అమ్మేశాడు" అన్న గగ్గోలు లేస్తుంది. కొన్న వరుసలోని సంస్థ ఎవరిదో చూస్తే అది ఇంట్లో జేబు మార్పిడేనని తేలుతుంది. మామూలుగా బ్లాక్ కిటికీ ద్వారా ఇలాంటి మార్పిళ్లు కూడా జరుగుతాయి.

తర్వాత వచ్చే కాగితాలు

ఈ జాబితా మొదటి కబురు. దాన్ని సరిపోల్చుకోవడానికి మరికొన్ని కాగితాలు వెనకాలే వస్తాయి. ఎవరైనా కంపెనీలో ఐదు శాతం దాటినా, ఆపై రెండు శాతం మేర మారినా, రెండు పనిదినాల్లో ఎక్స్ఛేంజీకి చెప్పాలి. ప్రమోటర్లు, డైరెక్టర్లు, కంపెనీలో గుర్తించిన ముఖ్యులు మూడు నెలల్లో పది లక్షల రూపాయలకు మించి కొన్నా అమ్మినా రెండు ట్రేడింగ్ రోజుల్లో వివరం వస్తుంది. మ్యూచువల్ ఫండ్ కొన్నదని అనిపిస్తే, ఆ పథకం నెల చివరి పోర్ట్‌ఫోలియో తర్వాతి నెల పదో తేదీకల్లా వస్తుంది. షేర్లు ఇంకా చేతిలో ఉన్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఇక మూడు నెలలకోసారి, త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లో కంపెనీ వాటాదారుల వివరాలు ఇస్తుంది. ఒక శాతం పైన ఉన్న పేర్లు అందులో ఉంటాయి.

ఈ చివరిదానికి ఓ పరిమితి ఉంది. బల్క్ డీల్ గీత అర శాతం, వాటాదారుల జాబితా గీత ఒక శాతం. 0.7 శాతం కొన్న మదుపరి మొదటిదానిలో కనిపించి రెండోదానిలో కనిపించకపోవచ్చు. "జాబితాలో పేరు లేదు కాబట్టి అమ్మేశాడు" అనుకోవద్దు. తెలియదు అన్నదే సరైన జవాబు.

ఇన్ని హెచ్చరికల తర్వాత కూడా ఈ వివరాలకు విలువ ఉంది. ఒకే ఫండ్ రెండు మూడు వారాల్లో పలుమార్లు కొనుగోలు వైపే కనిపించి, ఎక్కడా అమ్మకం వరుస లేకుండా, ఆపై నెల చివరి పోర్ట్‌ఫోలియోలోనూ ఆ షేర్లు ఉంటే, ఆ ఫండ్ నిజంగా వాటా కూడబెడుతోందని చెప్పొచ్చు. ప్రమోటర్ పదేపదే అమ్ముతూ, కొంటున్నది బయటివాళ్లే అయి, త్రైమాసికం తర్వాత త్రైమాసికం వాటా తగ్గుతుంటే, ఆ కంపెనీని అడగాల్సిన ప్రశ్న ఉన్నట్టే. రెండు సందర్భాల్లోనూ మనకు విషయం చెప్పినది ఒక్క వరుస కాదు. వరుసలు, వాటి వెనక వచ్చిన కాగితాలు కలిసి చెప్పాయి.

మామయ్య ఆ మర్నాడు ఆ షేర్లు కొనలేదు. ఇప్పుడు ఆయన దగ్గర ఒక రూళ్ల పుస్తకం ఉంది. పేజీకి ఒక కంపెనీ. తేదీ, పేరు, కొన్నది, అమ్మినది, కంపెనీలో ఎంత శాతం అని గడులు గీసుకున్నాడు. చివరి గడి మీద "తర్వాత ఏమైంది" అని రాసుకున్నాడు. చాలా పేజీల్లో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. అది నిండకముందు ఎవరైనా ఫొటో పంపితే ఆయన ఒకే మాట అడుగుతున్నాడు: "బాబూ, దీని కింది వరుస ఏది?"